అన్నీ, కొన్ని, ఏదీ కాదు: నెగేషన్ గురించీ ప్రత్యుదాహరణ గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్కల్లో రుజువులు మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ ఇవే సందేహాలతో వస్తారు. వాక్యాన్ని తిరగేయడం తేలికే అనిపిస్తుంది. తీరా రాశాక అది తిరగబడిందో, పక్కదారి పట్టిందో తెలియదు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొదటి మెట్టు: వాక్యాన్ని కాదనడం

"అందరూ పాసయ్యారు" అనే వాక్యానికి నెగేషన్ "ఎవరూ పాస్ కాలేదు" కదా? దానికి పూర్తి వ్యతిరేకం అదేగా?

కాదు. నెగేషన్ అంటే అవతలి కొసన ఉండే మాట కాదు. అసలు వాక్యం తప్పయిన ప్రతి సందర్భంలో నిజమయ్యేది, అసలు వాక్యం నిజమైన ప్రతి సందర్భంలో తప్పయ్యేది నెగేషన్.

ఐదుగురు పరీక్ష రాస్తే ముగ్గురు పాసయ్యారనుకోండి. "అందరూ పాసయ్యారు" అనేది తప్పు. "ఎవరూ పాస్ కాలేదు" అనేదీ తప్పే. రెండూ ఒకేసారి తప్పయ్యే వీలుంటే ఒకటి రెండోదానికి నెగేషన్ కాలేదు. సరైన నెగేషన్ "కనీసం ఒకరు పాస్ కాలేదు". పాసైనవాళ్ళు సున్నా నుంచి నలుగురి దాకా ఎంతమంది ఉన్నా ఇది నిజం, ఐదుగురూ పాసైతే మాత్రం తప్పు. ఆ రెండు వాక్యాలకూ మధ్య ఏ సందర్భమూ జారిపోదు.

"అందరూ రాలేదు" అని రాస్తే మార్కులు వేస్తారా?

రాయకపోవడమే మంచిది. ఈ వాక్యాన్ని ఒకరు "కొందరే వచ్చారు" అని చదువుతారు, ఇంకొకరు "ఒక్కరూ రాలేదు" అని చదువుతారు. నోటితో అన్నప్పుడు "అందరూ" అనే మాటను నొక్కి పలికితే మొదటి అర్థం తెలిసిపోతుంది. కాగితం మీద ఆ నొక్కు ఉండదు. "లేదు" అనేది క్రియకు అంటుకుని ఉంటుంది కాబట్టి అది రావడాన్ని కాదంటోందా, అందరూ అనడాన్ని కాదంటోందా అన్నది తేలదు.

"కనీసం ఒకరు రాలేదు" అని రాయండి. "అందరూ వచ్చారన్నది నిజం కాదు" అన్నా తప్పు లేదు గానీ, దాంతో పని ముందుకు సాగదు. ఏం చూపిస్తే ఆ వాక్యం కూలిపోతుందో అందులో కనపడదు. మొదటి రూపంలో కనపడుతుంది: రాని మనిషి ఒకరిని చూపించాలి.

"కొన్ని" అంటే కనీసం రెండు ఉండాలి కదా? అన్నీ అయితే "కొన్ని" అనడం తప్పు కాదా?

మామూలు మాటల్లో మీరన్నది సబబే. "కొందరు పాసయ్యారు" అని ఎవరైనా అంటే కొందరు తప్పారేమో అనుకుంటాం. కానీ అది మనం ఊహించుకున్నదే తప్ప వాక్యం చెప్పింది కాదు. "కొందరు పాసయ్యారు, ఆ మాటకొస్తే అందరూ పాసయ్యారు" అంటే చెప్పినమనిషి మాట మార్చాడని ఎవరూ తప్పు పట్టరు.

లెక్కల్లోనూ తర్కంలోనూ "కొన్ని" అంటే "కనీసం ఒకటి". ఒక్కటున్నా నిజమే, అన్నీ ఉన్నా నిజమే. "కొన్ని చతురస్రాలు దీర్ఘచతురస్రాలు" అనే వాక్యం కాస్త వింతగా వినిపించినా నిజమే. చతురస్రాలన్నీ దీర్ఘచతురస్రాలే కాబట్టి అందులో తప్పేమీ లేదు. అనుమానం ఉన్నచోట "కొన్ని" కొట్టేసి "కనీసం ఒకటి" అని రాసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

"ఏదీ కాదు" అనే వాక్యానికి నెగేషన్ "అన్నీ అవును" కదా?

కాదు, "కనీసం ఒకటి అవును". "ఏ ప్రధాన సంఖ్యా సరి సంఖ్య కాదు" అన్నదాన్ని కాదనడానికి ప్రధాన సంఖ్యలన్నీ సరి సంఖ్యలని చూపించక్కర్లేదు. 2 ఒక్కటి చాలు.

నేను రాసిన నెగేషన్ సరైనదో కాదో ఎవరినీ అడగకుండా ఎలా చూసుకోవాలి?

చిన్న సంఖ్య తీసుకుని సాధ్యమైన పరిస్థితులన్నీ వరసగా రాయండి. ఐదుగురే ఉన్నారనుకుంటే పాసైనవాళ్ళు 0, 1, 2, 3, 4, 5లో ఎంతమందైనా కావచ్చు. ఒక్కో అంకె దగ్గర ఆగి అసలు వాక్యం నిజమా, మీ నెగేషన్ నిజమా అని అడగండి. ప్రతిచోటా రెండింటిలో ఒకటే నిజమవ్వాలి.

ఉదాహరణకు "కనీసం ఇద్దరు పాసయ్యారు" అన్నదానికి నెగేషన్ "కనీసం ఇద్దరు పాస్ కాలేదు" అని ఒకరు రాశారనుకుందాం. అంకె 3 దగ్గర ఆగండి. ముగ్గురు పాసయ్యారు, ఇద్దరు కాలేదు, కాబట్టి రెండు వాక్యాలూ నిజమే. అక్కడే ఆ నెగేషన్ పోయింది. అసలు వాక్యం 2, 3, 4, 5 దగ్గర నిజం గనక నెగేషన్ 0, 1 దగ్గర నిజమవ్వాలి: "మహా అయితే ఒకరు పాసయ్యారు". "సరిగ్గా ఇద్దరే పాసయ్యారు" అనే వాక్యానికైతే 0, 1, 3, 4, 5 మిగులుతాయి. దాని నెగేషన్ ఒక్క మాటలో ఇమడదు, "ఇద్దరికంటే తక్కువమంది లేదా ఎక్కువమంది" అని రాయాల్సిందే.

## రెండో మెట్టు: వాక్యం లోపల ఇంకో మెలిక ఉన్నప్పుడు

"అయితే" ఉన్న వాక్యానికి నెగేషన్‌లో కూడా "అయితే" ఉండాలా?

ఉండకూడదు. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఈ వాక్యం తీసుకోండి: "n వర్గం 12తో భాగింపబడితే, n కూడా 12తో భాగింపబడుతుంది." దీనికి నెగేషన్ అని చాలామంది "n వర్గం 12తో భాగింపబడితే, n భాగింపబడదు" అని రాస్తారు. అది ఇంకో కొత్త వాదన. దాన్ని నమ్మితే 12 కూడా అడ్డు తగులుతుంది: 144 అనేది 12తో భాగింపబడుతుంది, 12 కూడా భాగింపబడుతుంది.

అసలు వాక్యంలో పైకి కనపడని "ప్రతి" ఒకటి ఉంది. అది నిజానికి "ప్రతి సహజ సంఖ్య n కీ" అని మొదలవుతుంది. దాన్ని కాదంటే "ప్రతి" కాస్తా "కనీసం ఒకటి" అవుతుంది, "అయితే" కాస్తా "కానీ" అవుతుంది: "కనీసం ఒక n ఉంది, దాని వర్గం 12తో భాగింపబడుతుంది, కానీ n భాగింపబడదు." షరతు నెరవేరాలి, ఫలితం తప్పాలి, రెండూ ఒకే సంఖ్య దగ్గర జరగాలి.

"మరియు", "లేదా" ఉంటే ఏం చేయాలి?

అవి ఒకదానికొకటి మారతాయి. "అన్ని సంఖ్యలూ ధనసంఖ్యలు మరియు సరి సంఖ్యలు" అన్నదానికి నెగేషన్ "కనీసం ఒకటి ధనసంఖ్య కాదు లేదా సరి సంఖ్య కాదు". రెండూ కాకపోవాల్సిన పని లేదు, ఒకటి తప్పినా చాలు.

"ప్రతిదానికీ ఒకటి ఉంది" అనే రెండంతస్తుల వాక్యాన్ని ఎలా కాదనాలి?

బయట నుంచి లోపలికి, ఒక్కో మాటా మార్చుకుంటూ వెళ్ళండి. "ప్రతి వాస్తవ సంఖ్య x కీ, xy = 1 అయ్యేలా ఒక y ఉంది" అనే వాక్యం చూద్దాం. బయట ఉన్న "ప్రతి x" కాస్తా "ఒక x ఉంది" అవుతుంది. లోపలి "ఒక y ఉంది" కాస్తా "ఏ y తీసుకున్నా" అవుతుంది. చివర xy = 1 కాస్తా xy ≠ 1 అవుతుంది. మొత్తం కలిపితే: "ఒక x ఉంది, ఏ y తీసుకున్నా xy అనేది 1 కాదు."

వరస మాత్రం మార్చకండి. x ముందు వచ్చింది, నెగేషన్‌లో కూడా ముందే రావాలి. ముందూ వెనకా చేస్తే "ఏ y తీసుకున్నా దానికి ఒక x ఉంది, xy అనేది 1 కాదు" అవుతుంది. ఇది చాలా బలహీనమైన మాట. ప్రతి y కీ వేరే x ఎంచుకునే స్వేచ్ఛ ఇందులో దొరుకుతుంది కాబట్టి, ఇది నిజమైనా అసలు వాక్యానికి దెబ్బ తగలదు.

## మూడో మెట్టు: ప్రత్యుదాహరణ అంటే సరిగ్గా ఏది?

వాక్యానికి సరిపోని ఏ ఉదాహరణైనా ప్రత్యుదాహరణేనా?

కాదు. "అన్ని A లూ B లే" అనే వాక్యానికి ప్రత్యుదాహరణ కావాలంటే ఒక వస్తువు రెండు పరీక్షలు దాటాలి: అది A అయి ఉండాలి, B కాకుండా ఉండాలి. మొదటి పరీక్షను మర్చిపోవడం వల్లే తప్పులన్నీ వస్తాయి.

"n వర్గం 12తో భాగింపబడితే n కూడా 12తో భాగింపబడుతుంది" అనే వాక్యం మీద కొన్ని సంఖ్యలను పరీక్షిద్దాం. 5 చూడండి. దాని వర్గం 25, 12తో భాగింపబడదు. షరతు దగ్గరే ఆగిపోయింది కాబట్టి 5 ఈ వాక్యం గురించి ఏమీ చెప్పదు. "5 కూడా 12తో భాగింపబడదుగా, అందుకే వాక్యం తప్పు" అనేవాళ్ళుంటారు. అది చెల్లదు, 5 భాగింపబడుతుందని వాక్యం ఎక్కడా మాట ఇవ్వలేదు. 8 దగ్గరా అదే కథ: 64ను 12తో భాగిస్తే 4 మిగులుతుంది. 12 షరతూ దాటింది, ఫలితమూ నిలిచింది, కాబట్టి అది అనుకూలమైన ఉదాహరణ. ఇక 6 చూడండి. వర్గం 36, అది 12 × 3, షరతు నెరవేరింది. కానీ 6 అనేది 12తో భాగింపబడదు. ఇదే ప్రత్యుదాహరణ.

సరే, ఆ 6 మీకెలా తట్టింది? నేను ఊహిస్తూ కూర్చోవాలా?

ఊహించక్కర్లేదు. నెగేషన్ రాసుకుంటే ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. మనకు కావాల్సింది: n వర్గం 12తో భాగింపబడాలి, n మాత్రం కాకూడదు.

12 అంటే 2 × 2 × 3. ఒక వర్గంలో 3 ఉందంటే ఆ 3 n నుంచే రావాలి. వర్గంలో రెండు 2లు కావాలి, కానీ n లో ఒక్క 2 ఉంటే చాలు, వర్గం చేసినప్పుడు అది రెండవుతుంది. అంటే n 6తో భాగింపబడితే షరతు నెరవేరినట్టే. ఇక n లో రెండో 2 లేకుండా చూసుకోవాలి. 6, 18, 30 ఇలా 6ను బేసి సంఖ్యలతో గుణిస్తే వచ్చేవన్నీ పనికొస్తాయి. అన్నిటికంటే చిన్నది 6.

ఇదే ఆలోచన ఎక్కడ ప్రత్యుదాహరణ దొరకదో కూడా చెబుతుంది. వాక్యంలో 12 బదులు 6 పెట్టండి. 6 అంటే 2 × 3, ఏదీ రెండుసార్లు రాలేదు. వర్గంలో 2, 3 ఉంటే n లో కూడా ఉండి తీరాలి. కాబట్టి ఆ వాక్యం నిజం, ఎంత వెతికినా తప్పించే సంఖ్య దొరకదు. వెతుకులాట విఫలమైనప్పుడు ఎందుకు విఫలమైందో చూడండి, చాలాసార్లు రుజువు అక్కడే ఉంటుంది.

షరతు నెరవేరని ఉదాహరణలను అసలు పట్టించుకోకూడదా?

వాక్యాన్ని పడగొట్టడానికి అవి పనికిరావు. కానీ ఫలితం తప్పినవాటిని మాత్రం వదలకూడదు, వాటిలో షరతు నెరవేరిందేమో చూడాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1966లో ప్రకటించిన కార్డుల పరీక్ష సరిగ్గా దీని మీదే. నాలుగు కార్డులు, ప్రతిదానికీ ఒకవైపు అక్షరం, ఇంకోవైపు అంకె. పైకి కనపడేవి (మన అక్షరాల్లో చెప్పాలంటే) అ, క, 4, 7. వాక్యం: "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరి సంఖ్య ఉంటుంది." ఇది నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి?

చాలామంది అ, 4 తిప్పుతామంటారు. అ తిప్పడం సరే, వెనక బేసి సంఖ్య ఉంటే వాక్యం పోతుంది. 4 వెనక అచ్చు ఉన్నా హల్లు ఉన్నా వాక్యానికి ఏమీ కాదు, అది తిప్పి లాభం లేదు. క హల్లు, షరతే లేదు. తిప్పాల్సిన రెండో కార్డు 7. దాని వెనక అచ్చు ఉంటే షరతు నెరవేరి ఫలితం తప్పినట్టు, అంటే ప్రత్యుదాహరణ దొరికినట్టు. 4 తిప్పేవాళ్ళు వాక్యాన్ని బలపరిచేదాని కోసం చూస్తున్నారు, పడగొట్టేదాని కోసం కాదు.

ఒక్క ప్రత్యుదాహరణ చాలా? కోట్ల సంఖ్యలకు సరిపోతే ఒక్కదాన్ని వదిలేయొచ్చుగా?

"అన్నీ" అన్నాక ఒక్కటి చాలు. నాలుగు సహజ సంఖ్యల ఐదో ఘాతాల మొత్తం ఇంకో సహజ సంఖ్య ఐదో ఘాతానికి సమానం కాదని ఆయిలర్ 18వ శతాబ్దంలో ఊహించాడు. 1966లో లాండర్, పార్కిన్ కంప్యూటర్‌తో వెతికి ఇది చూపించారు:

27⁵ + 84⁵ + 110⁵ + 133⁵ = 144⁵

రెండువైపులా 61917364224 వస్తుంది. వాళ్ళు ప్రచురించిన వ్యాసం నిడివి రెండంటే రెండు వాక్యాలు. అంతకుమించి చెప్పాల్సింది ఏమీ లేదు మరి.

ఎన్ని ఉదాహరణలు సరిపోతే వాక్యం నిజమని నమ్మొచ్చు?

వాక్యం అనంతమైన సంఖ్యల గురించి అయితే, ఎన్ని చూసినా చాలదు. n² + n + 41 తీసుకోండి. n విలువ 0 నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది: 41, 43, 47, 53 అలా. వరసగా నలభై సార్లు! n = 40 దగ్గర 1600 + 40 + 41 = 1681, అది 41 × 41. నిజానికి ఇది ముందే కనిపెట్టొచ్చు. n² + n అంటే n(n + 1). n = 40 అయితే 40 × 41కి ఇంకో 41 కలుస్తుంది, మొత్తం 41తో భాగింపబడక తప్పదు.

పరిమితమైన గుంపు అయితే సంగతి వేరు. గుంపులో ఐదే ఉంటే ఐదూ చూడండి, అదే రుజువు.

"కొన్ని" వాక్యాన్ని ప్రత్యుదాహరణతో తప్పని చూపించొచ్చా?

కుదరదు. "కొన్ని ప్రధాన సంఖ్యలు సరి సంఖ్యలు" అన్నదానికి 7ను చూపించి "ఇదిగో, ఇది సరి కాదు" అంటే వాక్యం చెక్కుచెదరదు. "కొన్ని" వాక్యాన్ని నిలబెట్టడానికి ఒక ఉదాహరణ చాలు, పడగొట్టాలంటే మాత్రం అన్నిటి గురించీ రుజువు కావాలి. "అన్నీ" వాక్యంతో ఇది సరిగ్గా తలకిందులు.

## నాలుగో మెట్టు: తిరకాసు సందర్భాలు

అసలు ఏ వస్తువూ లేకపోతే "అన్నీ" వాక్యం నిజమా, తప్పా?

నిజం. "2 కంటే పెద్దవైన సరి ప్రధాన సంఖ్యలన్నీ 7తో ముగుస్తాయి" అనే వాక్యం నిజమే, వినడానికి మోసంలా ఉన్నా సరే. తప్పని చూపించాలంటే అలాంటి సంఖ్య ఒకటి తెచ్చి అది 7తో ముగియడం లేదని చూపాలి. 2 కంటే పెద్ద సరి ప్రధాన సంఖ్యే లేదు. అదే కారణంతో "అవన్నీ 9తో ముగుస్తాయి" అనేదీ నిజమే, "ఏదీ 7తో ముగియదు" అనేదీ నిజమే. ఇవి ఒకదానికొకటి నెగేషన్లు కావు కాబట్టి గొడవేమీ లేదు.

పాత తర్కశాస్త్రంలో, అరిస్టాటిల్ సంప్రదాయంలో, "అన్ని A లూ" అంటే కనీసం ఒక A ఉన్నట్టే లెక్క. ఇప్పటి లెక్కల్లో ఆ భరోసా లేదు. పాత తర్కం పుస్తకం, కొత్తది కలిపి చదివేవాళ్ళకు గందరగోళం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

"ప్రతి x కీ ఒక y" అనే వాక్యానికి ప్రత్యుదాహరణ ఒక జతా, ఒక సంఖ్యా?

ఒక సంఖ్య, x మాత్రమే. కానీ దానితో పాటు చిన్న రుజువు కూడా కావాలి. "ప్రతి వాస్తవ సంఖ్య x కీ xy = 1 అయ్యే y ఉంది" అన్నదానికి "x = 2, y = 3 అయితే 6 వస్తుంది, 1 రాదు" అని రాస్తే సున్నా మార్కులే. 2కి y = 1/2 హాయిగా దొరుకుతుంది. ఒక y పనిచేయకపోతే ఇంకోటి పనిచేయొచ్చు.

x = 0 తీసుకోండి. ఏ y పెట్టినా 0 × y = 0, ఎప్పటికీ 1 కాదు. "ఏ y పెట్టినా" అన్న ఆ ముక్క లేకపోతే 0 పేరు చెప్పినా జవాబు పూర్తి కాదు.

పరీక్షలో ప్రత్యుదాహరణ ఎలా రాయాలి?

వస్తువు పేరు చెప్పండి, షరతు నెరవేరిందని లెక్క చూపండి, ఫలితం తప్పిందని లెక్క చూపండి. "రెండు కరణీయ సంఖ్యల మొత్తం ఎప్పుడూ కరణీయ సంఖ్యే" అన్నదానికి ఇలా రాస్తే సరిపోతుంది: "√2, −√2 రెండూ కరణీయ సంఖ్యలు. వాటి మొత్తం 0, అది అకరణీయ సంఖ్య. కాబట్టి వాక్యం తప్పు." "√2 + √3 కూడా చూశాను, అది కరణీయమే వచ్చింది" లాంటివి చేర్చకండి, దిద్దేవాళ్ళకు మీరు ఏది నిరూపిస్తున్నారో అర్థం కాదు.

ప్రత్యుదాహరణ దొరికాక దాన్ని మినహాయించి వాక్యం నిలబెట్టుకోవచ్చా?

ఒక్కోసారి కుదురుతుంది. "ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే" అన్నది 2 దగ్గర కూలిపోతుంది, "2 కంటే పెద్ద ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే" అన్నది నిలుస్తుంది. అయితే ఇది కొత్త వాక్యం, దీనికి కొత్త రుజువు కావాలి: 2 కంటే పెద్ద సరి సంఖ్యకు 2 కారణాంకం అవుతుంది కాబట్టి అది ప్రధాన సంఖ్య కాలేదు. 12తో భాగింపబడే వర్గాల వాక్యంలో ఇదే పని చేసి "6 తప్ప" అని చేరిస్తే మళ్ళీ 18 అడ్డొస్తుంది, దాన్నీ తీసేస్తే 30. అక్కడ ఒక్కో సంఖ్యనూ తీసేయడం కాదు, షరతునే మార్చాలి: "n వర్గం 144తో భాగింపబడితే n 12తో భాగింపబడుతుంది." 144లో 2 నాలుగుసార్లు, 3 రెండుసార్లు ఉన్నాయి. కాబట్టి n లో 2 రెండుసార్లయినా, 3 ఒకసారయినా ఉండక తప్పదు.